జేబులో నలభై గ్రాములు: గంజాయి తాగినవాడిని జైలుకు పంపాలా, ఆసుపత్రికా, ఇంటికా?

2021 అక్టోబరులో హైదరాబాద్ పాతబస్తీ వైపు నుంచి కొన్ని వీడియోలు బయటికొచ్చాయి. పోలీసులు బైకుల మీద వెళ్తున్న కుర్రాళ్లను ఆపి, ఫోను లాక్ తీయించి, వాట్సాప్‌లో 'గంజాయి' అనే మాట కొట్టి వెతుకుతున్నారు. వారంటు లేదు, ఫలానావాడి మీద అనుమానమని చెప్పడానికి కారణమూ లేదు. అడిగితే, బలవంతమేమీ లేదు, వాళ్లంతట వాళ్లే ఇస్తున్నారని పోలీసులు జవాబిచ్చారు. రాత్రిపూట ముగ్గురు పోలీసులు చుట్టూ నిలబడి ఫోను ఇవ్వమంటే ఇవ్వనని చెప్పగలిగిన బస్తీ కుర్రాడు ఎంతమందిలో ఒకడుంటాడో మనకు తెలియనిది కాదు.

మాదకద్రవ్యాల వాడకాన్ని నేరంగా చూడాలా వద్దా అన్న చర్చ ప్రపంచమంతా సాగుతోంది. మన దగ్గర మాత్రం అది ఎక్కువగా సినిమా వాళ్ల పిల్లలు, పబ్బులు, రేవ్ పార్టీల చుట్టూనే తిరుగుతుంది. కేసులు ఎవరి మీద పడుతున్నాయో చూస్తే చర్చ వేరే చోట మొదలవ్వాలి. అందుకే ఇక్కడ గంజాయినే, అందులోనూ జేబులో కొద్దిపాటి సరుకుతో దొరికినవాడి సంగతినే ప్రధానంగా తీసుకుంటున్నాను.

ముందుగా ఒక తేడా చెప్పుకోవాలి. నేరం కాకుండా చేయడం అంటే చట్టబద్ధం చేయడం కాదు. చట్టబద్ధం చేస్తే దుకాణం పెట్టి అమ్ముకోవచ్చు, సర్కారు పన్ను వసూలు చేసుకుంటుంది. నేరం కాకుండా చేస్తే అమ్మకం, రవాణా, వ్యాపార సాగు నేరాలుగానే ఉంటాయి. సొంతానికి కొద్దిగా దగ్గర పెట్టుకున్నవాడి మీద మాత్రం క్రిమినల్ కేసు ఉండదు. జరిమానా ఉండొచ్చు, కౌన్సెలింగ్ ఉండొచ్చు, సరుకు లాక్కోవచ్చు. ఈ రెండింటినీ కలిపేసి 'వీళ్లు గంజాయి దుకాణాలు పెట్టమంటున్నారు' అనడం టీవీ చర్చల్లో మామూలే.

కిలో గీత, ఇరవై కిలోల గీత

1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ ఉన్న కొసలు. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు గంజాయి కిందికి రావు. ఉత్తర భారతంలో భంగు దుకాణాలు నడవడానికి ఆధారం ఇదే. ఒకే మొక్క, ఆకు నూరి పాలలో కలిపితే పండగ, కొస ఎండబెట్టి చిలుంలో కాలిస్తే జైలు. ఏది సంప్రదాయమో ఏది నేరమో నిర్ణయించేటప్పుడు ఎవరి అలవాటును లెక్కలోకి తీసుకున్నారన్న ప్రశ్న ఇక్కడే వేసుకోవచ్చు.

శిక్షను బరువు నిర్ణయిస్తుంది. కిలో వరకు 'చిన్న పరిమాణం': ఏడాది వరకు కఠిన కారాగారం, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. ఇరవై కిలోలు దాటితే 'వాణిజ్య పరిమాణం': కనీసం పదేళ్లు, గరిష్ఠం ఇరవై ఏళ్లు, దానిపైన లక్షకు తగ్గని జరిమానా. మధ్యలో ఉన్నదానికి పదేళ్ల వరకు. ఇది 2001 సవరణతో వచ్చిన పద్ధతి. అంతకు ముందు ఈ మధ్యస్థ మెట్లు లేవు. ఇవికాక 27వ సెక్షన్ ఉంది. సరుకు దొరకకపోయినా తాగడమే నేరం, గంజాయికైతే ఆరు నెలల వరకు జైలు. 

ఇప్పుడు ఒక కేసు ఊహించుకుందాం. పెయింటింగ్ పనికి వెళ్లే ఇరవై రెండేళ్ల కుర్రాడు, మాదిగ, బస్తీలో ఉంటాడు. సాయంత్రం పని దిగి వస్తుంటే తనిఖీలో జేబులో నలభై గ్రాములు దొరికింది. చిన్న పరిమాణమని చట్టం చెప్పే కిలోలో ఇది ఇరవై అయిదో వంతు. 

ఒంటి మీద వెతికేముందు, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో సోదా చేయించుకునే హక్కు నీకుందని అతనికి చెప్పాలి. ఇది 50వ సెక్షన్. కాగితం మీద ఇది పక్కాగా ఉంటుంది, ఎందుకంటే 'హక్కు తెలిపాము, అక్కర్లేదన్నాడు' అన్న వాక్యం పంచనామాలో ముందే సిద్ధంగా ఉంటుంది. పంచ్‌లు ఆ వీధివాళ్లా, లేక పది కేసుల్లో అవే పేర్లా అన్నది చూడాల్సిన మొదటి సంగతి. 

తర్వాత స్టేషన్. ఎవరి దగ్గర కొన్నావని అడుగుతారు. అతను ఒక పేరు చెబుతాడు. ఆ పేరుగలవాడు 29వ సెక్షన్ కింద, అంటే ప్రోత్సాహం, కుట్ర కింద, కేసులోకి వస్తాడు. ఎన్‌డీపీఎస్ అధికారులకు ఇచ్చిన ఒప్పుకోలును సాక్ష్యంగా వాడకూడదని 2020లో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ అది విచారణలో పనికొచ్చే తీర్పు. అరెస్టును అది ఆపదు. 

ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు తప్పనిసరి కాదు, నోటీసు ఇచ్చి పిలిస్తే చాలు. చిన్న పరిమాణం కేసు బెయిలబులా కాదా అన్నదానిపై హైకోర్టులు ఒక్క మాట మీద లేవు. కాబట్టి మన కుర్రాడు ఆ రాత్రి ఇంటికి వెళ్తాడా లేదా అన్నది చాలావరకు స్టేషన్‌లో ఉన్న మనిషి మీద, ఇంటి నుంచి ఎవరు వచ్చారన్న దాని మీద ఆధారపడుతుంది. జామీను ఇవ్వడానికి పట్టా కాగితమో జీతం చీటీయో ఉన్న బంధువు లేకపోతే రోజులు గడుస్తాయి.

కోర్టులో జరిగేది ఇంకా ముఖ్యం. 'ఒప్పేసుకో, జరిమానా కట్టి పోదాం, వాయిదాలు తిరగలేవు' అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఒక్కో వాయిదాకు ఒక్కో రోజు కూలీ పోతుంది కనక ఆ సలహా తెలివైనదిలాగే కనిపిస్తుంది. అతను ఒప్పుకుంటాడు. ముంబై కోర్టుల రికార్డులను పరిశీలించిన విధి సెంటర్ ఫర్ లీగల్ పాలసీ కూడా ఇదే చూసింది. కేసుల్లో అత్యధిక భాగం సొంత వాడకానివే, అందులోనూ గంజాయివే. శిక్షపడినవాళ్లలో ఎక్కువమంది రోజుకూలీలు, మురికివాడల్లో, ఫుట్‌పాత్‌ల మీద బతికేవాళ్లు. శిక్షలు తప్పు ఒప్పుకోవడం ద్వారానే పడ్డాయి.

జరిమానా కట్టి వచ్చాక తెలియనిది ఏమిటంటే, అది శిక్షే. రేపు కానిస్టేబుల్ ఉద్యోగానికో, ఔట్‌సోర్సింగ్ పోస్టుకో, పాస్‌పోర్టుకో వెళ్తే పోలీసు వెరిఫికేషన్‌లో బయటపడుతుంది. స్టేషన్‌లో సస్పెక్ట్ షీటు తెరిస్తే ప్రతి పండక్కీ, ప్రతి బందోబస్తుకూ పిలుపొస్తుంది. ఇంకోసారి దొరికితే 31వ సెక్షన్ ప్రకారం గరిష్ఠ శిక్ష ఒకటిన్నర రెట్లు అవుతుంది. నలభై గ్రాముల గంజాయి అతని ఆరోగ్యానికి చేసే చెడు ఎంతో, ఈ కాగితాలు అతని బతుక్కి చేసే చెడు ఎంతో పక్కపక్కన పెట్టి చూడాలి.

పోలీసుల వాదనలో నిజం ఎంత

పోలీసుల వాదనను కొట్టిపారేయడం తేలిక, కానీ సరికాదు. వాళ్లు చెప్పేవి ముఖ్యంగా రెండు మాటలు. తాగేవాడిని పట్టుకుంటేనే అమ్మేవాడి ఆచూకీ దొరుకుతుంది, కేసు భయం లేకపోతే వాడెందుకు నోరు విప్పుతాడు? రెండోది, వంద గ్రాముల వరకు నేరం కాదంటే అమ్మేవాళ్లు తొంభై గ్రాముల పొట్లాలతోనే తిరుగుతారు. 

రెండో మాటలో పస ఉంది. ఏ గీత గీసినా దాని కిందకు వ్యాపారం సర్దుకుంటుంది. అందుకే బరువు ఒక్కటే చూడకుండా త్రాసు, ఖాళీ పొట్లాలు, డబ్బు లావాదేవీలు వంటి అమ్మకపు గుర్తులను కూడా చూడాలని నేరం కాకుండా చేసిన దేశాల అనుభవం చెబుతోంది. మొదటి మాట మాత్రం నిలబడదు. మన కుర్రాడు చెప్పగలిగేది తనకు పొట్లం ఇచ్చిన పక్క బస్తీవాడి పేరు. ఆ పైన ఎవరున్నారో అతనికి తెలియదు, తెలిసే ఏర్పాటు కూడా ఆ వ్యాపారంలో ఉండదు. కేసుల సంఖ్య పెరుగుతుంది, గొలుసు మాత్రం రెండో కొక్కెం దగ్గరే తెగిపోతుంది. 

ఇటీవల చేతికందే మూత్రపరీక్ష కిట్లు కూడా వచ్చాయి. గంజాయి ఆనవాళ్లు మూత్రంలో రోజుల తరబడి, రోజూ తాగేవాడిలోనైతే వారాల తరబడి ఉంటాయి. పరీక్ష పాజిటివ్ వస్తే ఎప్పుడో తాగాడని తెలుస్తుంది. ఇప్పుడు మత్తులో ఉన్నాడని తెలియదు. బండి నడిపేవాడి మత్తును పట్టుకోవడం ఒక పని, గత వారం చేసినదానికి 27వ సెక్షన్ పెట్టడం వేరే పని.

పోలీసుల కన్నా గట్టి వాదన మన వాడల్లోని తల్లులది. కొడుకు చదువు మానేశాడు, ఇంట్లో వస్తువులు అమ్ముతున్నాడు, అడిగితే చెయ్యెత్తుతున్నాడు, పోలీసులు వాణ్ని తీసుకెళ్తేనన్నా బాగుపడతాడేమో అనుకునే తల్లికి మానవ హక్కుల పాఠం చెప్పి లాభం లేదు. చిన్న వయసులో రోజూ గంజాయి తాగితే చదువు, జ్ఞాపకశక్తి దెబ్బతింటాయి, కొందరిలో మానసిక జబ్బు ముదురుతుంది. ఇది నిజం. అయితే ఆ తల్లి అడుగుతున్నది ఏమిటి? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో దళిత, బహుజన మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం దుకాణాల మీద, వేలంపాటల మీద, కాంట్రాక్టర్ల మీద తిరగబడింది. తాగిన మొగుళ్లను జైల్లో వేయమనడం దాని ప్రధాన డిమాండు కాదు. బీహార్‌లో 2016 మద్యనిషేధం దీనికి ఎదురు దారి పట్టింది, తాగినవాడిని కూడా జైలుకు పంపింది. ఆ చట్టం కింద మొదటగా శిక్షపడినవాళ్లు జెహానాబాద్‌కు చెందిన ఇద్దరు ముసహర్ అన్నదమ్ములు, రోజుకూలీలు. ఒక్కొక్కరికి అయిదేళ్లు.

పోర్చుగల్ ఏం చేసింది, ఒరెగాన్ ఎక్కడ తప్పింది

ప్రజారోగ్యం వైపు వాదన మూలం చాలా చిన్నది: కేసు భయం ఉన్నవాడు డాక్టరు దగ్గరకు రాడు. 2019లో ఎయిమ్స్ ద్వారా కేంద్ర సామాజిక న్యాయ శాఖ ప్రచురించిన దేశవ్యాప్త సర్వే ప్రకారం, నిషేధిత మాదకద్రవ్యాలకు బానిసలైనవారిలో చికిత్స అందుతున్నది సుమారు ఇరవై మందిలో ఒకరికి. ఇదే సర్వే సూదులతో మత్తు ఎక్కించుకునేవాళ్లు దాదాపు ఎనిమిదిన్నర లక్షల మందని లెక్కగట్టింది. వాళ్లు దాక్కుంటే సూదులు పంచుకుంటారు, హెచ్ఐవీ, హెపటైటిస్ సి వ్యాపిస్తాయి. 

పోర్చుగల్ 2001 జులై నుంచి అన్ని రకాల మాదకద్రవ్యాల సొంత వాడకాన్ని క్రిమినల్ నేరాల జాబితా నుంచి తీసేసింది. సగటున పది రోజుల వాడకానికి సరిపోయే పరిమాణాన్ని గీతగా పెట్టుకుంది. ఎండు గంజాయికి అది ఇరవై అయిదు గ్రాములు, హెరాయిన్‌కు ఒక గ్రాము. గమనించండి, మన 'చిన్న పరిమాణం' కిలో. బరువు విషయంలో మన చట్టమే ఉదారంగా ఉంది. తేడా అంతా ఆ తర్వాత మనిషిని ఎక్కడికి పంపుతారన్నదానిలోనే. 

అక్కడ దొరికినవాడి సరుకు పోలీసులు తీసుకుంటారు, అతన్ని జిల్లా స్థాయి కమిషన్ ముందు హాజరు కమ్మంటారు. అందులో ముగ్గురుంటారు, న్యాయం, వైద్యం, సామాజిక సేవ వంటి రంగాలవాళ్లు. అది కోర్టు కాదు. ఎప్పుడో ఒకసారి తాగేవాడైతే కేసు పక్కన పెడతారు. అలవాటు పడ్డవాడైతే చికిత్సకు దారి చూపిస్తారు, చికిత్సకు ఒప్పుకుంటే చర్య నిలిపేస్తారు. పక్కనే ఉచిత చికిత్స, హెరాయిన్ మానేవారికి మెథడోన్, శుభ్రమైన సూదులు సిద్ధంగా ఉంటాయి. సూదుల ద్వారా కొత్తగా హెచ్ఐవీ సోకేవారి సంఖ్య ఏడాదికి వందల్లో ఉన్నది పదుల్లోకి పడిపోయింది. డ్రగ్ కేసుల్లో జైలుకెళ్లేవాళ్ల వాటా బాగా తగ్గింది. దేశమంతా మత్తులో మునుగుతుందన్న భయం నిజం కాలేదు.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం ఇదే చేయబోయి దెబ్బతింది. 2020లో ఓటర్లు ఆమోదించారు, 2021 ఫిబ్రవరి నుంచి కొద్దిపాటి పరిమాణం దగ్గరుంటే వంద డాలర్ల జరిమానా చీటీ మాత్రమే. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఆరోగ్య పరీక్ష చేయించుకుంటే అదీ మాఫీ. చీటీ అందుకున్నవాళ్లలో చాలా కొద్దిమందే ఫోన్ చేశారు. చికిత్సకు కేటాయించిన డబ్బు కేంద్రాలకు చేరడానికి ఏడాదికి పైగా పట్టింది. అదే సమయంలో ఫెంటనిల్ అనే ప్రాణాంతక మత్తుమందు రాష్ట్రంలోకి వరదలా వచ్చింది. వీధుల్లో బహిరంగ వాడకం చూసి జనం విసిగిపోయారు. 2024 సెప్టెంబరు నుంచి మళ్లీ నేరం చేశారు. ఒరెగాన్‌లో శిక్ష తీసేశారు గానీ దాని స్థానంలో మనిషిని కూర్చోబెట్టి మాట్లాడే ఆ ముగ్గురు లేరు. పోర్చుగల్‌లో కూడా ఆర్థిక సంక్షోభం తర్వాత నిధులు, వ్యవస్థ కుదించాక పోర్టో వంటి నగరాల్లో ఇలాంటి ఫిర్యాదులే మొదలయ్యాయి. 

మన దగ్గర ఇది గుర్తుపెట్టుకోవాల్సిన హెచ్చరిక. రేపు 27వ సెక్షన్ రద్దయి, ప్రభుత్వాసుపత్రిలో డీఅడిక్షన్ మంచం లేకపోతే, కుర్రాడు వెళ్లేది ఊరి చివర గేటుకు తాళం వేసిన ప్రైవేటు కేంద్రానికి. అలాంటి చోట్ల కట్టేయడం, కొట్టడం, చావులు దేశంలో పలుచోట్ల వార్తలకెక్కాయి. మత్తు అలవాటుకు సంబంధించిన మానసిక స్థితి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పరిధిలోకి వస్తుంది. అంటే సమ్మతి, రికార్డులు, ఫిర్యాదు హక్కు ఆ మనిషికి ఉన్నాయి. బలవంతపు చికిత్స జైలుకు ప్రత్యామ్నాయం కాదు, మానవ హక్కుల వాదన ఆగే గీత కూడా అదే.

బస్తా మోసినవాడి బరువు

వాడకం గురించే మాట్లాడి ఆపేస్తే ఏజెన్సీలో జరిగేది మరుగున పడుతుంది. పాడేరు, చింతపల్లి వైపు, ఒడిశాలోని మల్కనగిరి, కోరాపుట్ వైపు శీలావతి రకం గంజాయి పండుతుంది. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో వేల ఎకరాల పంట నరికేశారు, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల గంజాయిని కాల్చారు. పెట్టుబడి పెట్టేది, లారీ పంపేది, లాభం తీసుకునేది కొండ మీదివాళ్లు కారు. దొరికేది మాత్రం చేనులో ఆదివాసీ, బస్సులో సంచి పట్టుకున్న కూలీ.

వీళ్లకు 37వ సెక్షన్ వర్తిస్తుంది. సరుకు ఇరవై కిలోలు దాటితే, నిందితుడు దోషి కాదని నమ్మడానికి తగిన కారణాలున్నాయని కోర్టు తృప్తి చెందితే తప్ప బెయిల్ ఇవ్వకూడదు. విచారణ మొదలవకముందే నిర్దోషినని చూపించుకోవాలన్నమాట. చార్జిషీటుకు నూట ఎనభై రోజుల గడువు, ఏడాది దాకా పొడిగించవచ్చు. 2023లో మహమ్మద్ ముస్లిం కేసులో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన మనిషి 2015లో అరెస్టయి ఏడేళ్లకు పైగా విచారణ ఖైదీగా ఉన్నాడు. విచారణ అతిగా ఆలస్యమైతే 37వ సెక్షన్ అడ్డుకాదంటూ కోర్టు బెయిల్ ఇచ్చింది. ఇలాంటి జైలు జీవితం అత్యంత పేదవారి జీవనాధారాన్ని, కుటుంబాలను చెల్లాచెదురు చేస్తుందని కూడా చెప్పింది. దేశంలోని విచారణ ఖైదీల్లో ఐదో వంతు దాకా దళితులే. ఆ తీర్పులోని మాటలు ఎవరి గురించో వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడే బరువు లెక్కలో ఒక కీలకం ఉంది. బస్తాలో పట్టుకున్నది ఇరవై రెండు కిలోలని పంచనామాలో రాశారనుకుందాం. అందులో కొమ్మలు, విడి ఆకులు, గింజలు ఎంత? చట్టం ప్రకారం గంజాయి పూత కొసలు మాత్రమే. వాటిని వేరుచేసి తూస్తే పదిహేడు కిలోలే రావచ్చు. అప్పుడు కేసు వాణిజ్య పరిమాణం నుంచి జారిపోతుంది, 37వ సెక్షన్ అడ్డు తొలగుతుంది, పదేళ్ల కనీస శిక్ష ఉండదు. కాబట్టి ఇలాంటి కేసు చేతికొస్తే కార్యకర్తలు ముందుగా చూడాల్సింది సరుకు వర్ణన. 'పూత కొసలతో కూడిన' అని రాశారా, 'గంజాయి మొక్కలు' అని ఊరుకున్నారా, కొమ్మలు వేరుచేసి తూచారా, గోనెసంచి బరువు తీశారా. నమూనాలు 52ఎ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేటు సమక్షంలో తీశారా, లేక రోడ్డు పక్కనే తీసి సీలు వేశారా. బెయిల్ పిటిషన్‌లో ఈ ప్రశ్నలు మొదటి రోజే వేయాలి.

ఇక వాడేవాడి వైపు, ఇప్పుడున్న చట్టంలోనే రెండు తలుపులు తెరిచి ఉన్నాయి. 64ఎ సెక్షన్ ప్రకారం, 27వ సెక్షన్ కిందో చిన్న పరిమాణం కిందో కేసు పడ్డ వ్యసనపరుడు ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో తనంతట తానుగా చికిత్సకు చేరి పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ ఉండదు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోతుంది. శిక్షపడ్డాక కూడా 39వ సెక్షన్ కింద జైలుకు బదులు చికిత్సకు పంపే అధికారం కోర్టుకు ఉంది. లోపం ఏమిటంటే ఇవి వ్యసనపరుడికే వర్తిస్తాయి. శనివారం ఒక బీడీలో కలుపుకున్నవాడు వ్యసనపరుడు కాదు గనక, తక్కువ తాగినవాడికి తక్కువ రక్షణ. ఈ వింతను సరిచేయాలంటే చట్టమే మారాలి. కొద్దిపాటి పరిమాణం దగ్గరుంచుకోవడాన్ని నేరం కాకుండా చేయాలని 2021లో సామాజిక న్యాయ శాఖ సిఫారసు చేసినట్లు వార్తలొచ్చాయి, 27వ సెక్షన్ మాత్రం అలాగే ఉంది. అంతవరకు, తప్పు ఒప్పేసుకోమని సలహా ఇచ్చేవాడి కన్నా ముందు 64ఎ గురించి చెప్పేవాడు ఆ కుర్రాడి దగ్గరకు చేరాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ వకీలు ఉచితంగా వస్తారు, దరఖాస్తు ఒక పేజీ.